27 నక్షత్రాలు పిల్లలకు వరుసగా నోటికి రావాలంటే: తొమ్మిదేసి పేర్లతో ఒక పాట

ప్రశ్న: మా ఇంట్లో పిల్లలకు అశ్విని నుంచి రేవతి దాకా నక్షత్రాలు వరుసగా కంఠస్థం చేయించాలని ఉంది. పట్టికలా చదివిస్తే సగం దాకా బాగానే చెప్తారు, పూర్వ ఉత్తర దగ్గరికి వచ్చేసరికి తడబడతారు. పిల్లలు పాడుకునేలా పద్యం గానీ పాట గానీ ఏదైనా ఉంటే చెప్పగలరా?

జవాబు:

మా ఇంట్లో మా అమ్మాయికి, మా అక్క పిల్లలకు నేర్పడానికి మేమే ఒక పాట కట్టుకున్నాం. ముందు పాట ఇస్తాను, తర్వాత అది అలా ఎందుకు ఉందో చెప్తాను. ఆ కారణం తెలిస్తే నేర్పడం సులువవుతుంది.

అశ్విని భరణీ కృత్తిక రోహిణి
మృగశిర ఆర్ద్ర పునర్వసు పుష్యమి
ఆశ్లేషకు తొలి తొమ్మిది తీరెను

మఖయూ పుబ్బా ఉత్తర హస్తా
చిత్తా స్వాతి విశాఖ అనురాధ
జ్యేష్ఠకు మరియొక తొమ్మిది తీరెను

మూలతొ మొదలై పూర్వాషాఢా
ఉత్తర ఆషాఢ శ్రవణ ధనిష్ఠ
శతభిష పూర్వా ఉత్తర భాద్రలు
రేవతి చేరగ ఇరవైయేడూ

పాదానికి నాలుగు చప్పట్లు, చప్పట్టుకు నాలుగు మాత్రలు. అశ్విని, కృత్తిక, రోహిణి, మృగశిర, పుష్యమి మామూలుగానే నాలుగు మాత్రల పేర్లు, కాబట్టి మొదటి పాదం దానంతట అదే కుదిరిపోతుంది. భరణికి ఒక మాత్ర తక్కువ, అందుకే భరణీ అని సాగదీశాం. రెండో పాదంలో పిల్లలు ఒక చోట ఆగుతారు. ఆర్ద్ర మూడు మాత్రలు, పునర్వసు ఐదు. అక్కడ చప్పట్టు ‘పు’ మీద కాదు, ‘నర్’ మీద పడాలి: మృగశిర, ఆర్ద్రపు, నర్వసు, పుష్యమి. ‘స్వాతివి, శాఖఅ, నురాధ’ కూడా అంతే. ఒకసారి మీరు చప్పట్లు కొడుతూ పాడి వినిపించండి, పిల్లలు పట్టేస్తారు. పేరు పేరుకీ విడివిడిగా చప్పట్టు కొట్టిస్తే మాత్రం ఈ రెండు చోట్లా తాళం తప్పుతుంది.

ఇక అసలు సంగతి, మూడు తొమ్మిదులు. ఇది పాట కోసం చేసిన విభజన కాదు. తొలి తొమ్మిది నక్షత్రాలు సరిగ్గా మేషం నుంచి కర్కాటకం దాకా నాలుగు రాశుల్లో నిండుతాయి. మఖతో సింహం మొదలై జ్యేష్ఠతో వృశ్చికం ముగుస్తుంది. మూలతో ధనుస్సు మొదలై రేవతితో మీనం ముగుస్తుంది. నక్షత్రానికి నాలుగు పాదాలు, రాశికి తొమ్మిది పాదాలు కాబట్టి తొమ్మిది నక్షత్రాలకు ఒకసారి మాత్రమే రెండూ ఒకే చోట తెగుతాయి. మధ్యలో ఇంకెక్కడ ఆపినా రాశి సగంలో ఆగినట్టే.

మా నాన్నగారు ఈ తొమ్మిదిని వేళ్ల మీద లెక్కపెట్టేవారు. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు, ఒక్కోదానికి మూడు కణుపులు. చూపుడు వేలి కింది కణుపు మీద బొటనవేలు పెట్టి అశ్విని అంటే, ఉంగరం వేలి పై కణుపు దగ్గర ఆశ్లేష వస్తుంది. మళ్లీ చూపుడు వేలి కిందికి వచ్చి మఖ, మళ్లీ వచ్చి మూల. మూడు చుట్లకు రేవతి. పాట నోటికి వచ్చాక చప్పట్లు మాన్పించి ఈ కణుపుల లెక్క చేయించండి. అప్పుడు తీరెను, చేరగ లాంటి పూరక పదాలు వాటంతట అవే రాలిపోయి పేర్లు మాత్రమే మిగులుతాయి.

మీ పిల్లలు తడబడే చోటికి కారణం కూడా ఈ కణుపుల మీదే కనిపిస్తుంది. పూర్వ, ఉత్తర జంటలు మూడున్నాయి: పుబ్బ ఉత్తర, పూర్వాషాఢ ఉత్తరాషాఢ, పూర్వాభాద్ర ఉత్తరాభాద్ర. (పుబ్బ అంటే పూర్వఫల్గుణి, దాని పక్కన వట్టి ఉత్తర అన్నది ఉత్తరఫల్గుణి. తెలుగు పంచాంగాల్లో పుబ్బ, ఉత్తర అనే ఉంటాయి కాబట్టి పాటలో అవే ఉంచాం.) మొదటి రెండు జంటలూ తమ తమ వరుసల్లో ఒకే చోట, చూపుడు వేలి రెండో కణుపు, మూడో కణుపు మీద పడతాయి. అందుకని పిల్లలు రెండో వరుసలో ఉత్తర అనగానే నాలుక మూడో వరుసలోకి జారిపోయి, హస్త బదులు శ్రవణం అనేస్తారు. మా అక్క కొడుకు ఎప్పుడు పాడినా ఇదే దారి పట్టేవాడు. ఉత్తర తర్వాత శ్రవణం, ధనిష్ఠ అంటూ హాయిగా రేవతి దాకా వెళ్లిపోయేవాడు. వినేవాళ్లకు ఎక్కడా తప్పు వినపడదు. పేర్లు తొమ్మిది తగ్గాయని చివర్లో లెక్క చూస్తేనే తెలుస్తుంది. చిత్త, స్వాతి, విశాఖ వినపడకపోతే ఈ జారుడు జరిగినట్టే.

దీనికి మందు, ఉత్తరను దాని ముందున్న పూర్వతో కాక, వెనక వచ్చే పేరుతో ముడి వేయడం. ఉత్తర హస్త, ఉత్తరాషాఢ శ్రవణ, ఉత్తరాభాద్ర రేవతి. ఈ మూడు ముక్కలనే విడిగా పదే పదే అనిపించండి. పాటలో కూడా ‘ఉత్తర హస్తా’ ఒకే పాదంలో ఉండేలా, ‘ఉత్తర ఆషాఢ శ్రవణ’ ఒకే ఊపిరిలో వచ్చేలా పెట్టింది ఇందుకే. ఉత్తరాషాఢ అని కలిపితే తాళం కుదరదు, అందుకని అక్కడ సంధి విడదీశాం. పంచాంగం చదివేటప్పుడు ఉత్తరాషాఢ అనే చదవాలని పిల్లలకు ముందే చెప్పండి. భాద్రల జంట ఉంగరం వేలి మీద ఉంటుంది, దానితో ఈ గొడవ అంతగా రాదు.

పాట వచ్చిందా లేదా అన్నది మొదటి నుంచి పాడించి తేల్చకండి. అశ్విని నుంచి పాడటం పిల్లలందరికీ వస్తుంది. అనురాధ తర్వాత ఏది, శతభిషం ముందు ఏది అని మధ్యలోంచి అడగాలి. మళ్లీ అశ్విని దగ్గర మొదలుపెడుతున్నారంటే ఇంకా పాటే వచ్చింది, వరుస రాలేదన్నమాట. అలాంటప్పుడు ఆ చరణం మొదటి పేరు నుంచి, అంటే మఖ నుంచో మూల నుంచో అందుకోమని చెప్పండి. అంతవరకు వచ్చినా చాలు, తొమ్మిది పేర్లలో ఏదైనా దొరికేస్తుంది.

మధ్యలోంచి చెప్పడం ఎందుకంత పట్టుబట్టి నేర్పుతానంటే, ఇంట్లో నక్షత్రాల అసలు వాడకం అంతా మధ్యలోంచే మొదలవుతుంది. తారాబలం చూడటమే తీసుకోండి. మన జన్మనక్షత్రం నుంచి ఆ రోజు నక్షత్రం దాకా, రెంటినీ కలుపుకొని లెక్కపెట్టాలి. తొమ్మిది దాటితే తొమ్మిదేసి తీసేయాలి. వచ్చిన అంకెను బట్టి వరుసగా జన్మ, సంపత్, విపత్, క్షేమ, ప్రత్యక్, సాధన, నైధన, మిత్ర, పరమమిత్ర తారలు. మా అమ్మాయిది శతభిషం. ఆ రోజు రోహిణి అనుకుందాం. శతభిషం 1, పూర్వాభాద్ర 2, ఉత్తరాభాద్ర 3, రేవతి 4, అక్కడి నుంచి చుట్టూ తిరిగి అశ్విని 5, భరణి 6, కృత్తిక 7, రోహిణి 8. ఎనిమిదోది మిత్రతార, మంచిది. రేవతి తర్వాత ఆగిపోకుండా అశ్వినికి వెళ్లడం పిల్లలకు విడిగా అలవాటు చేయాలి. పాటకు ముగింపు ఉంది, నక్షత్ర చక్రానికి లేదు కదా. రేవతి చేరగ ఇరవైయేడూ అన్నాక ఆపకుండా వెంటనే అశ్విని భరణీ అని అందుకునేలా పాడిస్తే ఇది తేలిగ్గా వస్తుంది.

కణుపులు బాగా అలవాటైతే ఈ లెక్కలో సగం పని తప్పుతుంది. రోహిణి, హస్త, శ్రవణం మూడూ మధ్య వేలి కింది కణుపు మీదే ఉంటాయి. రోహిణిలో పుట్టినవాళ్లకు హస్త వచ్చినా శ్రవణం వచ్చినా లెక్క తొమ్మిది చొప్పున తీసేస్తే ఒకటే మిగులుతుంది, అంటే జన్మతార. వింశోత్తరి దశల్లో కూడా ఈ మూడు నక్షత్రాల వాళ్లకూ పుట్టుకతో నడిచేది చంద్ర మహాదశే. కాస్త పెద్ద పిల్లలకు ఇది చూపిస్తే వాళ్లే మిగతా కణుపుల మీద ఏ మూడు పేర్లు కలుస్తాయో వెతుక్కుంటారు. మా అమ్మాయి ఆ పట్టిక తనే నోట్‌బుక్‌లో గీసుకుంది.

వరుసను రోజువారీ మాటల్లో తగిలించడానికి కార్తెలు బాగా పనికొస్తాయి. చంద్రుడు ఇంచుమించు రోజుకొక నక్షత్రం దాటితే, సూర్యుడు ఒక్కో నక్షత్రంలో 13, 14 రోజులు ఉంటాడు. అవే కార్తెలు, అవే పేర్లు, అదే వరుస. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా అమ్మ ప్రతి వేసవిలో అంటుంది. అప్పుడు పిల్లలను తర్వాతి కార్తె ఏదని అడిగితే మృగశిర అంటారు. జూన్ 7, 8 తేదీల్లో అది వస్తుంది, దాని వెనకే ఆరుద్ర. ఇక్కడే పాటలోని ఆర్ద్ర, కార్తెల్లోని ఆరుద్ర ఒకటేనని చెప్పేయండి. లేకపోతే పిల్లలు రెండింటినీ వేరువేరుగా లెక్కవేసి 28 చేస్తారు.

28 అంటే ఇంకోటి. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా అభిజిత్తు ఏదీ అని అడగొచ్చు. అథర్వవేదంలో నక్షత్రాల జాబితా కృత్తికతో మొదలై 28 పేర్లతో ఉంటుంది, అందులో అభిజిత్తు కూడా ఒకటి. దాని చోటు ఉత్తరాషాఢకూ శ్రవణానికీ మధ్య. రోజువారీ పంచాంగంలో, తారాబలంలో, జన్మనక్షత్రం చెప్పడంలో దాన్ని లెక్కలోకి తీసుకోరు. పిల్లలకు 27 గట్టిగా వచ్చేదాకా దాని పేరు ఎత్తకపోవడమే మంచిది. ఉత్తరాషాఢ శ్రవణ అని మనం కష్టపడి వేసిన ముడి సరిగ్గా అక్కడే ఊడిపోతుంది.