పీపీసీఎం తర్వాత రెండో కాన్పు: ఎకోలో 55 వస్తే సరిపోతుందా?

ప్రశ్న: కవలలు పుట్టిన వారానికే నాకు పెరిపార్టమ్ కార్డియోమయోపతీ, అంటే కాన్పు సమయంలో గుండె బలహీనపడే పీపీసీఎం జబ్బు వచ్చింది. అప్పుడు ఈఎఫ్, అంటే గుండె కొట్టుకున్న ప్రతిసారీ బయటికి పంపే రక్తం శాతం, 30. రెండేళ్లుగా మాత్రలు వాడుతున్నాను, మొన్న ఎకోలో 55 వచ్చింది. ఈసారి ఒక్క బిడ్డే అయితే మళ్లీ రాదని ఇంట్లో అంటున్నారు. ఇంకో బిడ్డని కనొచ్చా?

జవాబు: ఆ 55 మాత్రలు వేసుకుంటుండగా వచ్చిన 55. అవి లేకుండా ఎంత ఉంటుందో ముందు తేలాలి, మిగతా మాటలన్నీ ఆ తర్వాతే.

నాకూ ఇదే జబ్బు. అప్పుడు నాకు 34 ఏళ్లు, తొమ్మిదో నెలలో బీపీ బాగా పెరిగి ప్రీఎక్లాంప్సియా అన్నారు. కాన్పయ్యాక వెల్లకిలా పడుకుంటే ఊపిరాడేది కాదు, పొడి దగ్గు, రాత్రంతా సోఫాలో దిండ్లకు ఆనుకుని కూర్చునేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, రెండో అంతస్తు దగ్గరే మెట్ల మీద కూలబడ్డాను. కాళ్ల వాపు చూసి అమ్మ బాలింతలకు మామూలే అంది, కాన్పు చేసిన చోటా అదే మాట. వేరే ఆసుపత్రిలో ఎకో తీస్తే ఈఎఫ్ 28.

కవలలు, బీపీ, ముప్పై దాటిన వయసు, ఎక్కువ కాన్పులు, ఇవన్నీ ఈ జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచేవే, కొందరిలో జన్యువుల పాత్ర కూడా ఉంటుంది. కానీ ఇవేవీ లేనివాళ్లకీ వస్తుంది. పైగా ఒకసారి వచ్చాక లెక్క మారిపోతుంది. రెండోసారి ఏమవుతుందనేది కడుపులో ఒక్కరా ఇద్దరా అన్నదానికన్నా, గర్భం వచ్చేనాటికి మీ గుండె ఎంత కోలుకుని ఉందన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఇంట్లోవాళ్లకి ఈ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పండి.

2001లో అమెరికాలో ఈ జబ్బు వచ్చి మళ్లీ గర్భం దాల్చిన 44 మంది గురించి ఒక అధ్యయనం వచ్చింది. గుండె పూర్తిగా కోలుకున్న 28 మందిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి మళ్లీ హార్ట్ ఫెయిల్యూర్ లక్షణాలు వచ్చాయి, ఎవరూ చనిపోలేదు. కోలుకోని 16 మందిలో సగానికి కాస్త తక్కువ మందికి లక్షణాలు వచ్చాయి, ముగ్గురు చనిపోయారు. చిన్న అధ్యయనమే, కానీ డాక్టర్లు కోలుకోనివాళ్లకి గర్భం వద్దని అంత గట్టిగా ఎందుకు చెబుతారో దీన్నిబట్టి అర్థమవుతుంది. కోలుకున్నా భయం పూర్తిగా పోదని కూడా.

ఇక మాత్రల సంగతి. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి, పేరు చివర "సార్టన్" అని ఉండేవి, స్పైరనోలాక్టోన్, ఇవి గర్భంలో వాడకూడదు, మొదటి రెండు రకాలు బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. అందుకే మళ్లీ గర్భం అనుకునేవాళ్లకి కార్డియాలజిస్టు వీటిని ముందే ఆపించి, కనీసం మూడు నెలలు ఆగి ఎకో తీయిస్తారు. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్‌ని మాత్రం మామూలుగా కొనసాగిస్తారు. నాకు మాత్రల మీద 54 ఉండేది. ఎనలాప్రిల్, స్పైరనోలాక్టోన్ ఆపి మూడు నెలల తర్వాత చూస్తే 46. ఆయాసం లేదు, మెట్లు బానే ఎక్కుతున్నాను, ఎకో తీయకపోతే నాకు తెలిసేదే కాదు. మళ్లీ మాత్రలు మొదలుపెట్టారు, 53కి వచ్చింది. రెండో బిడ్డ మాట అక్కడితో వదిలేశాం. ఆ రాత్రి చాలా ఏడ్చాను, ఆ నిర్ణయం మాత్రం ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను.

మీకు 55 నిలబడొచ్చు, చాలామందికి నిలబడుతుంది. అయితే మాత్రలు సొంతంగా ఆపొద్దు. ఆ మూడు నెలల్లో గర్భం రాకుండా కాపర్ టీ ఉండాలి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మాత్రం వద్దు, రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతాయి. ఎకో బాగుండి ముందుకెళ్తే గైనకాలజిస్టు, కార్డియాలజిస్టు ఒకే చోట ఉన్న పెద్ద ఆసుపత్రిలోనే చూపించుకోండి, నగరంలో అలాంటివి ఉన్నాయి. మూడో నెల చివర, ఆరో నెలలో, కాన్పుకి నెల ముందు, కాన్పయ్యాక ఇంటికొచ్చే ముందు, ఆ తర్వాత నెలకి ఎకో ఉంటుందా అని మొదటి రోజే అడగండి, ఎందుకంటే ఈ జబ్బు కాన్పు తర్వాతే ఎక్కువగా బయటపడుతుంది.

ఒకవేళ ఇవేవీ మొదలుకాకముందే, మాత్రలు వాడుతుండగానే నెల తప్పితే, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు కార్డియాలజిస్టుకి ఫోన్ చేయండి.