ఏఎన్ఏ పాజిటివ్ వచ్చిందని భయపడుతున్న చెల్లెలి బిడ్డకు

నల్లగొండ

సరితా బిడ్డా,

నిన్న రాత్రి పదిన్నరకు నువ్వు పంపిన రిపోర్టు చూశాను. దాని కింద "పెద్దమ్మా, లూపస్ అంట, బాబుకు పాలివ్వొచ్చా?" అని రాశావు. ఇవ్వు, ఆ రిపోర్టును చూసి పాలు మాన్పించే పని లేదు. మిగతాదంతా ఇట్లా రాసి పంపుతున్నాను. ఫోన్‌లో చెప్తే సగం విని ఏడుపు మొదలుపెడతావు.

ముందు ఒక సంగతి. లూపస్ అంటే ఒంటి రక్షణ కణాలు సొంత అవయవాల మీదే దాడి చేసే జబ్బు. ఆ కాగితం మీద ఆ మాట ఎక్కడా లేదు. ఉన్నవి మూడే ముక్కలు: పాజిటివ్, 1:160, ఫైన్ స్పెకిల్డ్. లూపస్ అన్నది నువ్వు సెల్‌లో వెతికితే దొరికింది. హైదరాబాద్‌లో ఒక ల్యాబులో ఇరవై ఏళ్లకు పైగా ఈ స్లైడ్లే చూశాను కాబట్టి, ఆ మూడు ముక్కలు ఎట్లా పుడతాయో చెప్తాను.

హెప్-2 అనే మనిషి కణాలను ల్యాబుల్లో పెంచి, పలచగా అంటించిన స్లైడ్లు వస్తాయి. నీ రక్తంలోంచి తీసిన సీరమ్‌ను దాని మీద వేస్తాం. కణం నడిమధ్య ఉండే కేంద్రకానికి అతుక్కునే యాంటీబాడీ నీ సీరమ్‌లో ఉంటే అది అక్కడ పట్టుకుంటుంది, కడిగినా పోదు. తర్వాత మెరిసే రంగు కట్టిన ఇంకో యాంటీబాడీ వేసి, చీకటి గదిలో మైక్రోస్కోపు కింద పెడితే కేంద్రకాలు ఆకుపచ్చగా వెలుగుతాయి. ఏఎన్ఏ అంటే అంతే.

1:160 అంటే సీరమ్‌ను ఎంత పలచన చేసేదాకా ఆ వెలుగు నిలిచిందో చెప్పే లెక్క. ఒక వంతు సీరమ్‌ను మొత్తం 80 వంతులు అయ్యేలా కలుపుతాం, తర్వాత 160, తర్వాత 320, ఇట్లా ప్రతిసారీ రెట్టింపు. అమ్మ మజ్జిగలో నీళ్లు పోస్తూ పోతే ఎక్కడో ఒకచోట పులుపు తెలియకుండా పోతుంది చూడు, అట్లా. నీది 160 దగ్గర వెలిగింది, 320 దగ్గర ఆరిపోయింది. అయితే ఆరిందా లేదా అని చెప్పేది మనిషి కన్ను. నేను 160 అన్న స్లైడును పక్క సీటులో ఆమె 320 అనేది, ఇద్దరిదీ తప్పు కాదు. ఈ పరీక్షలో ఒక మెట్టు అటూ ఇటూ అవడం మామూలే. అందుకే వచ్చే నెల ఇంకో ల్యాబులో చేయించి 320 వస్తే రోగం రెట్టింపైందని గుండెలు బాదుకోవద్దు. అసలు మళ్లీ చేయించనే వద్దు. లూపస్ ఉన్నవాళ్లలో కూడా రోగం పెరిగిందా తగ్గిందా అన్నది ఈ పలచన లెక్కను, అంటే ఏఎన్ఏ టైటర్‌ను, బట్టి చూడరు.

ఇప్పుడు నువ్వు అడిగిన అసలు మాట: ఏ రోగం లేకుండా పాజిటివ్ ఎందుకొస్తుంది?

మన ఒంట్లో రోజూ లెక్కలేనన్ని కణాలు చచ్చిపోతుంటాయి. వాటి లోపలి సరుకు బయటపడుతుంది, ఒళ్లు దాన్ని ఊడ్చేస్తుంది. సొంత సరుకును శత్రువుగా పట్టుకునే రక్షణ కణాలను ఒళ్లు చిన్నప్పుడే ఏరి పారేస్తుంది కానీ, జల్లెడలోంచి కొన్ని ఎప్పుడూ జారిపోతాయి. అవి కొద్దికొద్దిగా యాంటీబాడీలు తయారుచేస్తాయి. చాలామందిలో అవి ఊరికే తిరుగుతుంటాయి, ఏ అవయవాన్నీ ముట్టుకోవు. ఆడవాళ్లలో, వయసు మీదపడ్డవాళ్లలో, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉన్నవాళ్లలో ఇంకొంచెం ఎక్కువగా కనిపిస్తాయి. వైరస్ జ్వరాల తర్వాత, టీబీకి ఐసోనియాజిడ్ వాడేవాళ్లలో, థైరాయిడ్ గ్రంథి మీద సొంత ఒళ్లే దాడి చేసేవాళ్లలో కూడా వస్తాయి.

ఇదెంత మామూలో 1997లో పలు దేశాల ల్యాబులు కలిసి చూశాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 1:40 దగ్గర దాదాపు 32 శాతం మందికి, 1:80 దగ్గర 13 శాతానికి, 1:160 దగ్గర 5 శాతానికి పాజిటివ్ వచ్చింది. 1:320 దగ్గర కూడా 3 శాతం మిగిలారు. ఈ లెక్క మీ పాలమూరుకే వేసి చూడు. ఏ బాధా లేని వెయ్యి మందికి చేస్తే నీలాగా 1:160 వచ్చేవాళ్లు యాభై మంది దాకా ఉంటారు. ఆ వెయ్యిలో లూపస్ ఉన్న మనిషి ఒక్కరు కూడా దొరకడం అరుదు. లూపస్ ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఏఎన్ఏ పాజిటివే, నిజం. కానీ పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి లూపస్ లేదు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే నీ టెన్షన్.

ఫైన్ స్పెకిల్డ్ అంటే కేంద్రకంలో సన్న రవ్వ చల్లినట్టు వెలిగిందని. నేను అన్నిటికంటే ఎక్కువగా రాసిన నమూనా అదే, జబ్బు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ వస్తుంది. సెంట్రోమియర్ అనే నమూనా పేరు ఉంటే మాత్రం, చలికి వేళ్లు తెల్లబడతాయా అని వెంటనే అడిగేదాన్ని, అది కాస్త బరువైన మాట. డెన్స్ ఫైన్ స్పెకిల్డ్ అని ఇంకోటుంది, దాన్ని ఆరోగ్యవంతుల్లోనే తరచుగా చూస్తాం. పేర్లు దగ్గరగా ఉన్నా అది వేరు, ఇది వేరు.

ఇక నీ సంగతి. బాబు పుట్టి నాలుగు నెలలు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోందని, నీరసమని పోతే ప్యాకేజీలో ఈ పరీక్ష కూడా రాశారు. కాన్పయ్యాక మూడు నాలుగు నెలలకు జుట్టు అట్లా ఊడటం చాలామందికి అవుతుంది, నీ తల్లికీ అయింది. రాత్రి నాలుగుసార్లు లేచే తల్లికి నీరసం కాక ఏముంటుంది? ఆ రెండింటికే ఈ పరీక్ష రాయడం నాకు నచ్చలేదు. రాసిన మనిషిని తిట్టను కానీ, అడగాల్సిన ప్రశ్నలు అడగకుండా రాశారు.

ఆ ప్రశ్నలు నేను అడుగుతున్నాను. పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు వాచి, అరగంటకు పైగా బిగుసుకుంటున్నాయా? ఎండకు పోతే బుగ్గల మీద, ముక్కు మీద ఎర్రగా దద్దురు వస్తోందా? నోట్లో నొప్పి లేని పుండ్లు? ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు? మూత్రంలో పోని నురుగు, కాళ్ల వాపు? కారణం తెలియని జ్వరం? ఒక్కదానికైనా అవునంటే నాకు ఫోన్ చేయకు, నేరుగా ఇలాంటి జబ్బులు చూసే రుమటాలజిస్టు దగ్గరికి పో.

అన్నిటికీ కాదంటే మూడు చవక పరీక్షలు చేయించు: రక్తకణాల లెక్క, మూత్ర పరీక్ష, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్. లూపస్ చప్పుడు లేకుండా దెబ్బతీసేది మూత్రపిండాలను, అందుకే మూత్రంలో ప్రోటీన్ చూడాలి. నీరసానికి థైరాయిడ్ కూడా చూపించు. వేలు పోసి పెద్ద యాంటీబాడీ ప్రొఫైల్ ఇప్పుడే చేయించకు. ఒంట్లో బాధ లేకుండా దాన్ని చేయిస్తే ఇంకో అర్థం కాని పాజిటివ్ చేతికొస్తుంది.

ఒక మినహాయింపు ఉంది. రెండో బిడ్డ అనుకున్నప్పుడు ఈ రిపోర్టు డాక్టరమ్మకు చూపించు. ఈ రవ్వ నమూనా వెనక ఒక్కోసారి రో అనే యాంటీబాడీ ఉంటుంది, అది కడుపులో బిడ్డ గుండె వేగాన్ని తగ్గించగలదు. అలా జరగడం అరుదే, కానీ ఆమెకు తెలిసి ఉంటే అవసరమనుకున్నప్పుడు ఆ ఒక్కటే చూస్తుంది.

ఏఎన్ఏ కొందరిలో జబ్బుకు ఏళ్ల ముందే కనిపించిన మాట కూడా నిజమే, నీ దగ్గర దాచను. అందుకే కాగితం చించెయ్యకు, బాబు టీకాల కార్డుతో పాటు ఫైల్లో పెట్టు. పైన అడిగినవాటిలో ఏదైనా కొత్తగా మొదలైతే అప్పుడు తీసుకుపో.

మూత్ర పరీక్ష రిపోర్టు రాగానే పంపు. జుట్టు సంగతి బాబు మొదటి పుట్టినరోజుకు వచ్చినప్పుడు నేనే చూస్తాను.

మీ పెద్దమ్మ