చిట్టా ఎత్తిరాసే పిల్లలకు

కందుకూరు

చిరంజీవులకు ఆశీస్సులు.

పోయిన ఆదివారం మీరు ఎత్తిరాసి ఇచ్చిన పుటలన్నీ అసలు చిట్టా పక్కన పెట్టుకుని సరిచూశాను. పేర్లు, ఊళ్లు చాలావరకు సరిగానే వచ్చాయి. తప్పులు పడ్డదంతా అంకెల దగ్గర, ముఖ్యంగా అంకెల పక్కనుండే చిన్న గీతల దగ్గర. అందుకని ఈ ఉత్తరంలో ఎక్కువగా వాటి గురించే చెబుతాను.

ఆ గీతలు అలంకారం కాదు, గుమాస్తా చెయ్యి జారి పడ్డవీ కాదు. అవి భిన్నాలు. మన పాత లెక్కలో ఒకటిని నాలుగు భాగాలు చేసి, ఆ భాగాన్ని మళ్లీ నాలుగు చేస్తారు. మొదటి భాగం కాలు, దానికి నిలువు గీత. రెండోది వీసం, అంటే పదహారో వంతు, దానికి అడ్డగీత. ఒక నిలువు గీత కాలు, రెండు అర, మూడు ముప్పాతిక. అడ్డగీతలు కూడా అలాగే ఒకటి నుంచి మూడు దాకా ఉంటాయి. రూపాయికి పదహారు అణాలు కాబట్టి రూపాయల పద్దులో ఒక్కో నిలువు గీత నాలుగు అణాలు, ఒక్కో అడ్డగీత ఒక అణా. ౧౨౹౼ అని ఉంటే పన్నెండు రూపాయల అయిదు అణాలు. కాలు లేకుండా వీసాలే ఉన్నప్పుడు కాలు చోటు ఖాళీ అని చెప్పడానికి ౸ గుర్తు వేస్తారు. ౩౸౾ అంటే మూడు రూపాయల మూడు అణాలు. మీలో ఇద్దరు ఆ గుర్తును సున్నా అనుకుని ముప్పై రూపాయలు చేశారు.

ఈ గుర్తులన్నీ 2008 నుంచి యూనికోడ్‌లో ఉన్నాయి. ఫోన్ కీబోర్డులో కనబడవు కాబట్టి కింద రాసినవాటిని ఒక ఫైల్‌లో పెట్టుకుని అక్కడి నుంచి కాపీ చేసుకోండి.

```
౸ U+0C78   కాలు చోట ఏమీ లేదు
౹ U+0C79   కాలు
౺ U+0C7A   అర
౻ U+0C7B   ముప్పాతిక
౼ U+0C7C   వీసం
౽ U+0C7D   రెండు వీసాలు
౾ U+0C7E   మూడు వీసాలు
౿ U+0C7F   తూము
```

మీ కంప్యూటర్‌లో వీటి బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే టెన్షన్ పడకండి. ఆ ఫాంట్‌లో ఈ గుర్తుల బొమ్మలు లేవన్నమాట, అంతే. Noto Sans Telugu పెట్టుకుంటే కనిపిస్తాయి. అంతేగాని ౺ బదులు పద్యాల చివర పెట్టే రెండు నిలువు గీతలు, ౽ బదులు సమానం గుర్తు కొట్టొద్దు. చూడ్డానికి ఒకేలా ఉన్నా, రేపు ఎవరైనా అర రూపాయి పద్దులన్నీ వెతికితే అవి దొరకవు.

ఇక అసలు నియమం. షీట్‌లో మొదటి కాలమ్‌లో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే రాయాలి, తెలుగు అంకెలతో, గీతలతో సహా. మీరు అర్థం చేసుకున్నది పక్క కాలమ్‌లో. రూపాయలకు ఒక గడి, అణాలకు ఒక గడి, అణాకు పన్నెండు పైలు కాబట్టి ఎక్కడైనా పైలు వస్తే వాటికి ఇంకో గడి. ఒకమ్మాయి అన్నీ ఒకే గడిలో 12-5 అని కొట్టింది, షీట్ దాన్ని తేదీగా మార్చేసింది. ఇంకొకరు 12.5 అని రాశారు. అది పన్నెండున్నర రూపాయలు, అంటే పన్నెండు రూపాయల ఎనిమిది అణాలు. మూడు అణాలు ఎక్కువ పడ్డాయి.

మొదటి కాలమ్‌లోనే అణాలు చేసి రాస్తే ఏం పోయిందని ఒకబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. ఈ చిట్టా వడ్ల వ్యాపారిది. ఇందులో రూపాయల పద్దు పక్కనే గింజల పద్దు ఉంటుంది. పుట్టికి ఇరవై తూములు, తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు. కాబట్టి తూముల పక్కన పడ్డ అదే నిలువు గీత కుంచం, అదే అడ్డగీత మానిక. మీరు గీత చూడగానే అణాలు చేసేస్తే కుంచాలు కూడా అణాలైపోతాయి. ఉన్నది ఉన్నట్టు ఉంటే, పద్దు దేనిదో తర్వాత చూసినవాళ్లయినా దిద్దుకోగలరు. గింజల కొలతను కిలోల్లోకి మార్చొద్దు. నెల్లూరు రైతు ఇప్పటికీ పుట్టి అంటే 850 కిలోల వడ్లు అంటాడు. వందేళ్ల కిందటి ఈ షావుకారు పుట్టి అంతే తూగిందని చెప్పడానికి మన దగ్గర ఆధారం లేదు.

నిలువు గీతల విషయంలో ఒక మోసం ఉంది. నేనే అందులో పడ్డాను. ఈ పుస్తకాల్లో గళ్లకు గీతలు గీయలేదు. కాగితాన్ని నిలువుగా మడిచి, ఆ మడతలనే గళ్లుగా వాడుకున్నారు. మడతలో దుమ్ము చేరి నల్లబడితే ఫొటోలో అది అచ్చం కాలు గీతలా కనిపిస్తుంది. మొదటి పుస్తకం చేసినప్పుడు నేను ఫొటో మాత్రమే చూసి ఎన్నో పద్దులకు లేని నాలుగణాలు కలిపేశాను. ఆ పుస్తకం మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది. తేడా ఇలా పట్టుకోండి. సిరా గీత ఆ పంక్తి ఎత్తులోనే మొదలై అక్కడే ఆగుతుంది. మడత పంక్తుల మధ్య ఖాళీలో కూడా కనిపిస్తుంది, పై పద్దులోనూ కింది పద్దులోనూ సరిగ్గా అదే చోట ఉంటుంది. అప్పటికీ తేలకపోతే లైబ్రరీకొచ్చి అసలు కాగితం చూడండి.

ఇంత జాగ్రత్తగా రాసినా తప్పు పడుతుంది. దాన్ని పట్టిచ్చేది పుట అడుగున ఉండే వెరశి. రక్తాక్షి నామ సంవత్సరం మాఘ శు ౫ నాటి జమ తీసుకోండి. పద్దులు నాలుగు: ౧౨౹౼, ౭౺౽, ౩౸౾, ౨౦౻. కింద వెరశి ౪౩౻౽ అని ఉంది, అంటే 43 రూపాయల 14 అణాలు. షీట్‌లో రూపాయలు B, అణాలు C కాలమ్‌లలో ఉంటే అన్నిటినీ అణాలు చేసి కూడండి.

```
=B2*16+C2
=SUM(D2:D5)
=INT(D6/16)
=MOD(D6,16)
```

మొదటిది D2 నుంచి D5 దాకా, రెండోది D6లో. 197, 122, 51, 332 వస్తాయి, కలిపితే 702. పదహారుతో భాగిస్తే 43, మిగిలేది 14. పుస్తకంలోని వెరశితో సరిపోయింది. కానీ మీరు ఇచ్చిన కాగితంలో 42 రూపాయల 14 అణాలు వచ్చింది. అణాలు సరిపోయి సరిగ్గా ఒక రూపాయి తగ్గిందంటే వెంటనే ౨, ౩ ఉన్న పద్దులు చూడాలి. ఈ గుమాస్తా ౩ కింది మెలికను చాలా పొట్టిగా లాగుతాడు, సిరా వెలిసినచోట అది ౨లా మిగులుతుంది. మూడో పద్దులో జరిగింది అదే.

తేడా ఎంతో చూస్తే తప్పు ఎక్కడో చాలాసార్లు తెలిసిపోతుంది. ఒక అణా తేడా అయితే అడ్డగీత ఒకటి జారింది. నాలుగణాలైతే నిలువు గీత, లేదా నేను చెప్పిన మడత. తొమ్మిది రూపాయలు, పద్దెనిమిది రూపాయలు ఇలా తేడా వస్తే ఎక్కడో సున్నా దగ్గర పొరపాటు, ఒకటి పది అయింది లేదా రెండు ఇరవై అయింది. ఇదొక్కటే కారణమని కాదు, కానీ ముందు అక్కడ చూడండి.

అన్నీ చూశాక కూడా వెరశి కుదరకపోతే? అప్పుడు గుమాస్తాయే తప్పు కూడి ఉండొచ్చు. తర్వాతి పుట తలమీద వెనక పుట మొత్తం మళ్లీ ఎక్కిస్తాడు, అది చూడండి. మూడో పుస్తకంలో ఒకచోట పద్దులు కూడితే 18 రూపాయల 6 అణాలే వస్తున్నాయి, వెరశి మాత్రం ౧౮౹౾, అంటే ఒక అణా ఎక్కువ. తర్వాతి పుటలోనూ ౧౮౹౾ అనే మొదలుపెట్టాడు. అంటే మనం చదవడంలో తప్పు లేదు, ఆయనే అలా కూడాడు. మూడు పుటల తర్వాత ఖర్చులో "లెక్క తేడా ౸౼" అని ఒక పద్దు ఉంది. అణా ఎక్కువ పడ్డదని ఆయనే పట్టుకుని సరిచేసుకున్నాడు. మీరు మంచి మనసుతో వెరశిని దిద్ది ఉంటే ఆ పద్దు ఎందుకు రాశాడో ఎవరికీ అర్థమయ్యేది కాదు. కాబట్టి దిద్దొద్దు. గమనిక కాలమ్‌లో "కూడిక 18-6, పుస్తకంలో 18-7" అని రాసి వదిలేయండి.

మాటల దగ్గరా ఇదే పద్ధతి. "యిచ్చినది", "వొడ్లు", "వక రూపాయి" అని ఉంటే అలాగే ఉంచండి, ఇప్పటి రూపం పక్క కాలమ్‌లో ఇస్తే వెతికేవాళ్లకు దొరుకుతుంది. ఒక్క వలపలగిలక దగ్గర మాత్రం జాగ్రత్త. పాతవాళ్లు ఖర్చును "ఖచు౯" అని రాసేవారు. ఆ చివరిది తొమ్మిది కాదు, ముందు పలికే రకారం. మీలో ఒకరు దాన్ని అంకెల గడిలో 9 అని వేశారు, అందుకే ఆ పుటలో ఖర్చు తొమ్మిది రూపాయలు పెరిగింది. అక్కడ ఖర్చు అనే కొట్టండి, అది అదే అక్షరానికి ఇంకో రూపం, మనం మార్చినట్టు కాదు.

తేదీ కూడా ఉన్నట్టే రాసి, ఇంగ్లీషు సంవత్సరం పక్కన ఇవ్వండి. రక్తాక్షి 1924 ఉగాదికి మొదలైంది కాబట్టి చాలామంది 1924 అని వేశారు. కానీ మాఘం వచ్చేసరికి జనవరి దాటబోతోంది, అది 1925. శిస్తు పద్దుల్లో ఫసలీ ఉంటే దానికి 590 కలపండి, ఆ ఏడు జూలైలో మొదలవుతుంది. ఫసలీ 1334 అంటే 1924 జూలై నుంచి 1925 జూన్ దాకా. రెండూ ఒకదానికొకటి సాక్ష్యం. ఇంకో మాట, పుస్తకంలో "నెల్లూరు జిల్లా కందుకూరు తాలూకా" అని ఉంటే ప్రకాశం అని మార్చొద్దు. ఆ జిల్లా పుట్టిందే 1970లో.

చదవలేని అక్షరానికి [?], అనుమానంగా ఉన్నదానికి [౩?], కాగితం పోయినచోట [చినిగింది]. ఊహించి నింపిన అంకె కంటే ఖాళీ మేలు, ఖాళీని ఇంకొకరు నింపగలరు, ఊహను ఎవరూ అనుమానించరు. పుటల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టకండి. బాకీ ఉన్నవాళ్ల మనవలు ఇదే ఊళ్లో ఉన్నారు.

ఈ వారం కొత్త పుటలు తీసుకోవద్దు. మీ పుటలే మార్చుకుని, ఒకరివి ఇంకొకరు వెరశులు కూడి తీసుకురండి. నాలుగో పుస్తకంలో తడిసిన పుటలు ఫొటోతో తేలవు, వాటిని ఆదివారం పొద్దున వెలుతురు బాగున్నప్పుడు కిటికీ దగ్గర కూర్చుని అందరం కలిసి చదువుదాం.

ఇట్లు,
మీ లైబ్రేరియన్