మాట దొరకని నాన్నతో మాట్లాడటం ఎలా

అమ్మాయీ,

స్ట్రోక్ వచ్చిన నాన్నని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు కదా. మందులు ఎప్పుడెప్పుడు వేయాలో, కాలూ చేయీ ఎలా కదిలించాలో ఆసుపత్రివాళ్లు కాగితం మీద రాసిచ్చే ఉంటారు, వాటి జోలికి నేను పోను. ఆయనతో మాట్లాడటం ఎలాగో మాత్రం రాస్తాను. ఇంట్లో రోజూ అందరి ఓపికా హరించుకుపోయేది అక్కడే.

ముందు ఆయన ఇబ్బంది ఏ రకమో తేల్చుకో. స్ట్రోక్ వల్ల మాట ముఖ్యంగా రెండు రకాలుగా దెబ్బతింటుంది. ఒకటి, పెదవులు, నాలుక బలహీనపడి మాట ముద్దగా రావడం. చెప్పాల్సిన మాట మనసులో సిద్ధంగానే ఉంటుంది, పలకడమే కష్టం. చేయి బాగుంటే వాళ్లు కాగితం మీద రాసి చూపిస్తారు. రెండోది అఫేసియా. మెదడులో భాష సంగతి చూసే భాగం, అంటే చాలామందిలో ఎడమవైపు, దెబ్బతింటే వచ్చేది ఇది. కావలసిన మాట దొరకదు. ఒకటి అనబోతే ఇంకొకటి వస్తుంది. మనం చెప్పిందీ కొంత జారిపోతుంది. చదవడం, రాయడం కూడా అంతో ఇంతో దెబ్బతింటాయి. అందుకే ఇలాంటివారి చేతికి అక్షరాల అట్ట ఇచ్చి "చూపించు నాన్నా" అంటే పని జరగదు. రెండు రకాలూ కలిసి ఉండటం కూడా మామూలే, కాబట్టి నాన్నది ఏదో స్పీచ్ థెరపిస్టుని సూటిగా అడుగు. గ్లాసు అనబోయి కుర్చీ అంటున్నారని రాశావు కనుక అఫేసియా ఉందనుకునే రాస్తున్నాను.

ఇంట్లోవాళ్లు రెండు చోట్ల పొరబడతారు. "అన్నీ అర్థమవుతున్నాయి" అనుకోవడం మొదటిది. చేతిలో కంచం పట్టుకుని "తిందాం రండి" అంటే ఆయన లేచి వస్తారు. అది మాట విని కాదు, కంచం చూసి కావచ్చు. ఒకసారి ఖాళీ చేతులతో, సైగ చేయకుండా, మామూలు వేళ కాని వేళ చిన్న మాటొకటి చెప్పి చూడు. మాట ఎంతవరకు అందుతోందో తెలుస్తుంది. రెండోది, ఒకటి నుంచి పది దాకా గడగడా లెక్కపెట్టి, పాత పాట పాడి, కోపం వస్తే ఓ తిట్టు కూడా స్పష్టంగా తిట్టిన మనిషి నీళ్లు అడగలేకపోతే "కావాలనే చేస్తున్నారు" అనుకోవడం. అలవాటుగా నోటికొచ్చే మాటల దారి వేరు, అప్పటికప్పుడు వెతికి కూర్చాల్సిన మాటల దారి వేరు. మొదటిది మిగిలి రెండోది పోవడం అఫేసియాలో తరచూ కనబడుతుంది.

ఇక అడిగే పద్ధతి. టీవీ ఆపు, ఫ్యాను చప్పుడు ఎక్కువైతే అదీ తగ్గించు. ఎదురుగా, ఆయన ముఖం ఎత్తులోనే కూర్చో. వినికిడి బాగానే ఉంటే గొంతు పెంచనక్కర్లేదు, కాస్త నెమ్మదిగా, చిన్న వాక్యంలో ఒక్క సంగతి అడుగు. అడిగాక మనసులో పది లెక్కపెట్టు. ఆ లోపు మళ్లీ అడిగితే, అందులోనూ మాటలు మార్చి అడిగితే, ఆయన వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది. ఆ పది లెక్క చాలా పొడుగ్గా అనిపిస్తుంది, అయినా ఆగు.

మన భాషలో ఒక చిక్కుంది, జాగ్రత్త. "నీళ్లు వద్దా?" అని అడిగితే "ఊ" అన్నారనుకో. వద్దనా, కావాలనా? మామూలు మనుషులకే తికమక. ఎప్పుడూ "నీళ్లు కావాలా?" అనే అడుగు. పైగా అఫేసియాలో అవును, కాదు తారుమారవుతుంటాయి. నోరు అవునంటుంది, తల అడ్డంగా ఊగుతుంది. అందుకని ఒక్క జవాబు నమ్మొద్దు, అదే సంగతి తిరగేసి కూడా అడుగు.

ఒక ఉదాహరణ చెప్తాను. నాన్న కిటికీ వైపు చూపిస్తూ "కుర్చీ... కుర్చీ" అంటున్నారనుకో. నువ్వు కుర్చీ తెచ్చి పెట్టావు, ఆయనకి కోపం వచ్చింది. అంటే మాట తప్పు వచ్చింది, చూపు మాత్రం నిజం. ఇప్పుడు వరసగా ఊహలు విసరకు. ఒక తెల్లకాగితం, లావు గీత పడే నల్ల పెన్ను తీసుకో. మనిషి, వస్తువు, ఒళ్లు అని మూడు మాటలు పెద్దగా ఒకదాని కింద ఒకటి రాయి. ఒక్కోటి వేలితో చూపిస్తూ చదివి ఆగు. ఆయన "ఒళ్లు" మీద వేలు పెట్టారు. ఇంకో కాగితం మీద నొప్పి, చలి, బాత్రూం అని రాయి, చదువు. చదవడం బాగా పోయి ఉంటే మాటల బదులు బొమ్మలు గియ్యి, లేదా అసలు వస్తువులే చూపించు. "చలి" మీద వేలు పెట్టారు. అప్పుడు "చలేస్తోందా?" అని అడుగు. "ఊ" అన్నారు. ఆగి, "ఉక్కగా ఉందా?" అని అడుగు. దానికి కాదంటేనే సంగతి ఖాయం. కిటికీలోంచి గాలి కొడుతోంది, మూసెయ్యి. మూసి "చలి, కిటికీ మూశాను" అని ఆ మాట నువ్వు అను చాలు. "చలి అనండి, అంటేనే మూస్తాను" అని పట్టుబట్టొద్దు. అవసరంలో ఉన్నప్పుడు పాఠం పెడితే ఆయన అడగడమే మానేస్తారు.

మూడుకి మించి మాటలు పెట్టకు. ఒకదాని కింద ఒకటి రాయమన్నానంటే కారణం ఉంది. ఎడమ మెదడు దెబ్బతిన్నవారికి కుడివైపు చూపు కూడా పోయి ఉండొచ్చు. పక్కపక్కనే రాస్తే కుడివైపు మాట ఆయన కంటికి ఆనదు, మిగిలినవాటిలోంచే ఏదో ఒకటి చూపిస్తారు. ఆయన వేలు ఎప్పుడూ ఎడమపక్క మాట మీదకే పోతుంటే ఇది అనుమానించి డాక్టరుకి చెప్పు.

రెండు మూడు ప్రయత్నాల్లో తేలకపోతే, "నాకు అర్థం కాలేదు నాన్నా, కాసేపాగి మళ్లీ చూద్దాం" అని నిజం చెప్పు. అర్థమైనట్టు తల ఊపితే ఆయనకి తెలిసిపోతుంది. అప్పటికే ఒకే తప్పు మాట పట్టుకుని అదే తిప్పి తిప్పి అంటుంటే అది అలసట గుర్తు కావచ్చు. సాయంత్రానికి మాట మరీ తగ్గుతుంది. ముఖ్యమైన సంగతులు, థెరపిస్టు ఇచ్చిన సాధన, నిద్ర లేచి కుదుటపడ్డాక పెట్టుకో. ఒకేసారి గంటసేపు వద్దు, పది పదిహేను నిమిషాల చొప్పున రోజులో రెండు మూడుసార్లు చాలు. మాట మొదటి కొన్ని నెలల్లో వేగంగా తిరిగొస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నెమ్మదించింది కదా అని సాధన ఆపొద్దు, ఏళ్ల తర్వాత కూడా కొంత మెరుగవుతుంది.

తాగుతున్నప్పుడు దగ్గొచ్చినా, మింగాక గొంతు నీళ్లు నిండినట్టు గరగరలాడినా వెంటనే ఆపి ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. మింగుడు సరిగా లేకపోతే తాగింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అలసటతో మాట తగ్గడానికీ, కొత్త స్ట్రోక్‌కీ తేడా ఇది: అలసట మెల్లగా వస్తుంది, పడుకుని లేస్తే తగ్గుతుంది. నిన్న వచ్చిన మాటలు ఉన్నట్టుండి పోయినా, మూతి ఒక పక్కకి జారినా, చేయి పడిపోయినా పడుకోబెట్టి చూద్దామనుకోకు. చివరిసారి ఆయన మామూలుగా ఉండగా చూసింది ఎన్ని గంటలకో రాసుకుని వెంటనే అంబులెన్స్ పిలువు. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా అప్పటినుంచి నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, డాక్టర్లు మొదట అడిగేది ఆ టైమే. ఈ లోపు నోట్లో ఏమీ వేయకు, నీళ్లు కూడా పట్టకు.

పెద్దమ్మ