లేబుల్ లేని వస్తువును స్క్రీన్‌షాట్‌తో పట్టుకోవడం ఎలా?

*ఇన్‌స్టాగ్రామ్ రీల్‌లో ఒకావిడ వంటింటి కప్‌బోర్డు కింద సన్నటి లైటు అతికించారు. చెయ్యి పెడితే వెలుగుతోంది. కంపెనీ పేరు ఎక్కడా కనిపించలేదు. స్క్రీన్‌షాట్ తీసి గూగుల్‌లో వెతికితే మాడ్యులర్ కిచెన్ల ఫొటోలే వస్తున్నాయి. అదే లైటు గానీ, అలాంటిది గానీ ఎలా కనుక్కోవాలి?*
*- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం*

మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. లైటు వెలుగుతున్నప్పుడు తీశారు. అందుకే ఆ చోట తెల్లటి గీత తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. ఫొటోలో మిగిలినదంతా కప్‌బోర్డులు, టైల్సే కాబట్టి గూగుల్ లెన్స్ వాటినే వెతికింది. ముందు మళ్లీ ఆ రీల్ దగ్గరికే వెళ్లండి.

వీడియో కింద రాసిన వివరణ, మొదట పిన్ చేసిన కామెంట్, ఆవిడ ప్రొఫైల్‌లో ఉన్న లింక్ చూడండి. చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది. కామెంట్లలో వేరేవాళ్లెవరో "లింక్ నా దగ్గరుంది, మెసేజ్ చేయండి" అంటే మాత్రం అటు వెళ్లకండి.

అక్కడ ఏమీ లేకపోతే లైటు ఆరిపోయి ఉన్న క్షణం కోసం చూడండి. ఇలాంటి వీడియోల్లో వస్తువును పెట్టెలోంచి తీయడమో, చేత్తో పట్టుకుని అతికించడమో ఒకటి రెండు సెకన్లయినా చూపిస్తారు. మనకు కావాల్సింది అదే. స్క్రీన్ మధ్యలో వేలు ఆనించి పట్టుకుంటే రీల్ ఆగుతుంది. అంచు దగ్గర నొక్కితే కొన్ని ఫోన్లలో ఆగకపోగా స్పీడ్ పెరుగుతుంది. చెయ్యి కదులుతున్నప్పుడు తీస్తే బొమ్మ చెదిరిపోతుంది. అందుకే అతికించాక చెయ్యి ఆగిన క్షణంలో రెండు మూడు స్క్రీన్‌షాట్లు తీసి, అంచులు పదునుగా ఉన్నది ఉంచుకోండి.

ఇప్పుడు గూగుల్ యాప్‌లో కెమెరా గుర్తు నొక్కి ఆ స్క్రీన్‌షాట్ ఎంచుకోండి. బొమ్మ చుట్టూ వచ్చే చట్రం మూలలు లాగి, లైటు మాత్రమే లోపల ఉండేలా చేయండి. మీ రీల్‌లోంచి నేనూ ఇలాగే ఒకటి తీసి ప్రయత్నించాను. ఈసారి కిచెన్లు పోయి ట్యూబ్‌లైట్లు, టవల్ రాడ్లు వచ్చాయి. లెన్స్‌కు కనిపించేది ఆకారమే, ఆ వస్తువు చేసే పని దానికి తెలియదు. సన్నటి అల్యూమినియం పట్టీ దాని కంటికి టవల్ రాడ్ లాగే ఉంటుంది. ఫలితాల దగ్గర మాటలు చేర్చడానికి ఒక పెట్టె ఉంటుంది. అందులో `rechargeable motion sensor` అని టైప్ చేస్తే అసలు దారి దొరికింది.

ఆ మాటలు ఏవన్నది వీడియోనే చెబుతుంది. మీ రీల్‌లో పట్టీ ఒక చివర చిన్న తెల్లటి బుడిపె ఉంది. అది పీఐఆర్ సెన్సర్ మూత. మనిషి ఒంటి వేడి కదలికను బట్టి లైటును వెలిగించేది అదే. బుడిపె లేకుండా చిన్న నల్లటి చుక్క మాత్రమే ఉండి, చెయ్యి దానికి బాగా దగ్గరగా ఆడిస్తేనే వెలిగే రకం వేరే ఉంది. దాన్ని `hand sweep sensor` అని వెతకాలి. రెండూ దూరం నుంచి ఒకేలా ఉంటాయి గానీ వాడకంలో చాలా తేడా. ఇంకా మీ వీడియోలో వైరు లేదు, పక్కన టైప్-సి రంధ్రం కనిపిస్తోంది, అతికించిన తీరు చూస్తే అయస్కాంతపు పట్టీ ఉన్నట్టుంది.

ఇక పొడవు. గోడ టైల్స్‌తో కొలవాలనిపిస్తుంది గానీ అది మోసం చేస్తుంది. లైటు కప్‌బోర్డు ముందు అంచున ఉంది, టైల్స్ దాదాపు అడుగు వెనక ఉన్నాయి. కెమెరాకు దగ్గరగా ఉన్న లైటు అసలు కంటే పొడవుగా కనిపిస్తుంది. దాన్ని పట్టుకున్న చెయ్యి దానితో పాటే ఉంది కాబట్టి చేతితోనే కొలవాలి. ఆవిడ అరచేతి వెడల్పుకు ఇంచుమించు నాలుగు రెట్లుంది. అరచెయ్యి ఏడున్నర సెంటీమీటర్లనుకుంటే 30 సెంటీమీటర్లు. ఈ లైట్లు 20, 30, 40 సెంటీమీటర్ల సైజుల్లో దొరుకుతాయి కాబట్టి ఈ అంచనా చాలు.

```
rechargeable motion sensor under cabinet light 30 cm type c magnetic
```

ఇలా వెతికితే ఒకే లైటు అరడజను పేర్లతో కనిపిస్తుంది, ఫొటోలు కూడా అవే. ఒకే రకం సరుకును తెప్పించి ఎవరి పేరు వాళ్లు వేసుకుని అమ్ముకోవడం ఈ రంగంలో మామూలే. కాబట్టి "అసలు కంపెనీ ఏది" అని వెతుకుతూ టైమ్ పోగొట్టుకోకండి. బాగా కలిసిన లిస్టింగ్‌లోని శుభ్రమైన ఫొటోను స్క్రీన్‌షాట్ తీసి, అమెజాన్ యాప్ సెర్చ్ పెట్టెలో ఉండే కెమెరా గుర్తుతో వెతకండి. రీల్ స్క్రీన్‌షాట్ కంటే ఇది చాలా బాగా పనిచేస్తుంది, తక్కువ ధరవి కూడా బయటపడతాయి. వివరాల్లో తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, తయారైన దేశం చూడండి. రెండు బ్రాండ్లకు దిగుమతిదారు ఒకరే అయి, కొలతలూ కలిస్తే అవి ఒకే వస్తువని దాదాపు నమ్మొచ్చు.

ఫొటో చెప్పలేనిది బ్యాటరీ సంగతి. బయటికి ఒకేలా ఉన్న రెండు లైట్లలో లోపల వేరువేరు బ్యాటరీలు ఉండొచ్చు. లెక్క వేసి చూద్దాం. 1500 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే 3.7 వోల్టుల దగ్గర సుమారు 5.5 వాట్ అవర్లు. లైటు ఒకటిన్నర వాట్లు తీసుకుంటే ఆపకుండా మూడున్నర గంటల పైచిలుకు వెలుగుతుంది. రోజుకు ముప్పైసార్లు, ఒక్కోసారి 20 సెకన్లు వెలిగితే పది నిమిషాలే కాబట్టి మూడు వారాల దాకా రావాలి. సెన్సర్ కూడా కొంత తింటుంది కనుక రెండు వారాలనుకోండి. కానీ మీరు దాని వెలుగులోనే రోజూ గంటసేపు కూరలు తరుగుతారంటే మూడు నాలుగు రోజులకోసారి ఊడదీసి ఛార్జింగ్ పెట్టాల్సిందే. అలాంటప్పుడు ఈ లైటు వద్దు. అడాప్టర్‌తో నడిచే 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్‌కు హ్యాండ్ స్వీప్ సెన్సర్ పెట్టించుకోండి. వెలుగు అలాగే ఉంటుంది, ఛార్జింగ్ టెన్షన్ ఉండదు.

మీ ఊరి ఎండల వల్ల ఇంకో మాట చెప్పాలి. పీఐఆర్ సెన్సర్ మన ఒంటికీ చుట్టుపక్కలకీ ఉన్న వేడి తేడాను పట్టుకుంటుంది. మే నెల మధ్యాహ్నం వంటిల్లు 37 డిగ్రీలకు చేరితే ఆ తేడా దాదాపు ఉండదు. అప్పుడు బాగా దగ్గరికి వెళ్తే గానీ వెలగకపోవచ్చు. అది లైటు పాడైనట్టు కాదు. పొయ్యికి పైన మాత్రం అతికించకండి. వేడి గాలికి ఊరికే వెలుగుతుంటుంది, లిథియం బ్యాటరీకి ఆ వేడి అసలు మంచిది కాదు.

కొనేముందు కొన్నవాళ్లు పెట్టిన ఫొటోల్లో పట్టీ చివర బుడిపె, టైప్-సి రంధ్రం మీ స్క్రీన్‌షాట్‌లో ఉన్నచోటే ఉన్నాయో లేదో పోల్చుకోండి. అమ్మేవాళ్ల ఫొటో ఒకటి, వచ్చే వస్తువు ఇంకొకటి అయితే ఆ తేడా అక్కడే తెలిసిపోతుంది. రిటర్న్ గడువు ఉన్నదే తీసుకుని, రాగానే నిండా ఛార్జ్ చేసి, ఆపకుండా వెలిగే మోడ్‌లో ఉంచి గంటలు లెక్కపెట్టండి. 1500 ఎంఏహెచ్ అని రాసి గంటన్నరకే ఆరిపోతే వెనక్కి పంపేయండి.