షేర్ ప్రీమియం నోటీసుకు సమాధానం: వాల్యుయేషన్ రిపోర్టు ఒక్కటే సరిపోదు

ప్రశ్న: "మా స్టార్టప్‌కి 2022-23 అసెస్‌మెంట్ ఇయర్‌కి సంబంధించి షేర్ ప్రీమియం మీద ఆదాయపు పన్ను శాఖ నుంచి 142(1) నోటీసు వచ్చింది. ఏంజెల్ ట్యాక్స్ తీసేశారు కదా? వాల్యుయేషన్ రిపోర్టు, ఇన్వెస్టర్ల వివరాలు పంపితే చాలా?"

సమాధానం:

ఏంజెల్ ట్యాక్స్ అంటే షేరు సరైన విలువకు మించి తీసుకున్న సొమ్మును కంపెనీ ఆదాయంగా చూసే నిబంధన. ఆ నిబంధనను తొలగించింది 2025-26 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి మాత్రమే కాబట్టి మీ సంవత్సరానికి అది వర్తిస్తుంది. స్టార్టప్‌లను గుర్తించే కేంద్ర ప్రభుత్వ విభాగం డీపీఐఐటీ గుర్తింపు ఉండి, ఫారం-2 డిక్లరేషన్ దాఖలు చేసి ఉంటే దీని నుంచి మినహాయింపు ఉంటుంది, కాబట్టి ముందుగా ఆ సంగతే రాయండి. మా కంపెనీకి అప్పట్లో ఆ గుర్తింపు లేదు, అందువల్ల పూర్తి వివరణ ఇవ్వవలసి వచ్చింది.

నోటీసులో ప్రశ్నలన్నీ కలగలిసి ఉన్నా, అవి రెండు సెక్షన్లకు చెందినవి. షేరు ధర సమంజసమా అన్నది సెక్షన్ 56(2) కిందికి, ఆ డబ్బు ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది అన్నది సెక్షన్ 68 కిందికి వస్తాయి. వీటికి విడివిడిగా జవాబివ్వండి.

మేము 10 రూపాయల షేర్లు 50,000, ఒక్కొక్కటి 190 రూపాయల ప్రీమియంతో ఇచ్చాం. భవిష్యత్ ఆదాయ అంచనాలను నేటి విలువలోకి మార్చే డీసీఎఫ్ పద్ధతిలో మర్చంట్ బ్యాంకర్ కట్టిన విలువ 205 రూపాయలు. పుస్తక విలువ 32 రూపాయలే కనుక తేడా 168 చొప్పున 84 లక్షలను ఆదాయంగా ఎందుకు చేర్చకూడదని అధికారి అడిగారు. అంచనా వేసిన అమ్మకాలు తర్వాత రాలేదని కూడా ఎత్తిచూపారు. షేరు విలువ ఎలా కట్టాలో చెప్పే 11యూఏ రూల్ ప్రకారం పద్ధతిని ఎంచుకునే హక్కు కంపెనీదేనని, అధికారి అంచనాలను పరిశీలించవచ్చు గానీ పద్ధతిని మార్చలేరని వొడాఫోన్ ఎం-పెసా కేసులో బాంబే హైకోర్టు 2018లో చెప్పిన మాటను ఉదహరించాం. అయితే తీర్పు ఒక్కటే మన వాదనను నిలబెట్టదని నా అభిప్రాయం. అంచనాలు యాజమాన్యం ఇచ్చినవేనని, తాము స్వతంత్రంగా సరిచూడలేదని రిపోర్టులోనే సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది, అధికారి దాన్నే పట్టుకుంటారు. అందుకే వాల్యుయేషన్ తేదీ నాటికి చేతిలో ఉన్న ఆర్డర్లు, కస్టమర్ల ఒప్పందాలు, నెలవారీ అమ్మకాల లెక్కలు జతచేసి, అంచనాలోని ఏ అంకెకు ఏ కాగితం ఆధారమో పట్టికగా చూపాం. అమ్మకాలు ఎందుకు తగ్గాయో కూడా దాచకుండా రాశాం.

ఇన్వెస్టర్ల విషయంలో పాన్, ఐటీ రిటర్ను, కన్ఫర్మేషన్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంటు, మన వైపు నుంచి షేర్ల కేటాయింపు గురించి కంపెనీల రిజిస్ట్రార్‌కు దాఖలు చేసిన పీఏఎస్-3 ఫారం అవసరం. స్టేట్‌మెంటును పంపేముందు మీరే చదవండి. మా ఇన్వెస్టర్లలో ఒకరి ఖాతాలో, మాకు డబ్బు పంపడానికి కాస్త ముందే పెద్ద మొత్తం జమ అయింది. అది స్థలం అమ్మిన డబ్బు. రిజిస్టర్డ్ సేల్ డీడ్, కొనుగోలుదారు చెల్లింపు ఎంట్రీ తెప్పించి ముందుగానే జతచేశాం. ప్రైవేటు కంపెనీ షేరు సొమ్ము విషయంలో ఇన్వెస్టరుకు ఆ డబ్బు ఎలా వచ్చిందో కూడా చూపాలని సెక్షన్ 68 అడుగుతుంది. అది తేలకపోతే మీ అసెస్‌మెంట్ ఇయర్‌కి సర్‌చార్జి, సెస్సు కలిపి 78 శాతం పన్ను పడుతుంది, నష్టాలతో సర్దుబాటు కూడా ఉండదు.

నేరుగా కలవకుండా ఆన్‌లైన్‌లోనే జరిగే ఫేస్‌లెస్ విచారణలో అధికారికి కనిపించేది మీ పీడీఎఫ్ మాత్రమే కనుక పేజీలకు నంబర్లు వేసి, ప్రతి జవాబులో ఆ నంబరు ఇవ్వండి. ఆ తర్వాత కూడా షోకాజ్ నోటీసు వస్తే, రాతపూర్వక సమాధానంతో పాటు వీడియో హియరింగ్ కూడా కోరండి.