సంతకం పెట్టేముందు ఆ 14 లక్షలను విడగొట్టి చూడండి

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో 21 ఏళ్లుగా పనిచేస్తున్నాను, ఇప్పుడు సీనియర్ ఎనలిస్టుని. జీతం 95 వేలు, అందులో బేసిక్, డీఏ 48 వేలు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో రిటైర్మెంట్ 58 అని ఉంది. ఈ నెలాఖరులోగా రిజైన్ చేస్తే గ్రాట్యుటీ, 50 రోజుల లీవుల డబ్బు, రెండు నెలల నోటీసు జీతం అన్నీ కలిపి 14 లక్షలు ఇస్తారట. నా తర్వాత చేరిన కుర్రాళ్లను మాత్రం ఉంచుకుంటున్నారు. బయట ఈ వయసు వాళ్లను ఇంటర్వ్యూకి కూడా పిలవట్లేదు. సంతకం పెట్టేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. ముందు ఆ 14 లక్షల్లో ఏముందో చూద్దాం.

గ్రాట్యుటీ అంటే 48 వేలను 26తో భాగించి, 15తోనూ 21తోనూ హెచ్చవేయడం. సుమారు 5.82 లక్షలు వస్తుంది. లీవుల డబ్బు దాదాపు 80 వేలు. కంపెనీయే పంపిస్తోంది కాబట్టి నోటీసు జీతం 1.90 లక్షలు. ఈ 8.52 లక్షలు ఎలాగూ మీకు రావాల్సినవే. అంటే కంపెనీ కొత్తగా ఇస్తానంటున్నది 5.48 లక్షలు, ఆరు నెలల జీతం కూడా కాదు. వదులుకోమంటున్నది ఆరేళ్ల ఉద్యోగాన్ని.

ఇక రిటైర్మెంట్ వయసు సంగతి. ప్రభుత్వోద్యోగులకు దాన్ని ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, మారుస్తుంది కూడా. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం 58ని 55 చేస్తే వేలమంది ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. అలా తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉందని సుప్రీంకోర్టు 1985లో చెప్పింది. ఇప్పుడు తెలంగాణలో 61, ఆంధ్రప్రదేశ్‌లో 62. ప్రైవేటులో మాత్రం అపాయింట్‌మెంట్ లెటర్, కంపెనీ సర్వీసు నిబంధనలైన స్టాండింగ్ ఆర్డర్స్ ఏం చెబితే అదే. మీ కాగితంలో 58 అని రాసి ఉంది కాబట్టి, వయసైపోయిందన్న మాట 52లో చెల్లదు.

ఉద్యోగమిచ్చేటప్పుడు వయసు చూడకూడదని ప్రైవేటు కంపెనీలను కట్టడి చేసే చట్టం మన దేశంలో లేదు. ఇంటర్వ్యూకి పిలవనివాళ్ల మీద మీరు ఏ కేసూ వేయలేరు. ఇది అన్యాయమే. అందుకే చేతిలో ఉన్న ఉద్యోగాన్ని తేలిగ్గా వదలొద్దంటున్నాను.

ఉన్నవాళ్లను తీసేసేటప్పుడు మాత్రం చట్టం కొంత అడ్డుపడుతుంది. కార్మిక చట్టం లెక్కలో మీరు ‘వర్కర్’ అయితే, మిగులు సిబ్బంది పేరుతో తీసేసేటప్పుడు ఆ విభాగంలో చివర చేరినవాళ్లను ముందు పంపాలి. అలా చేయకపోతే కారణం రాసిపెట్టాలి. కుర్రాళ్లను ఉంచి మిమ్మల్ని పంపడం దీనికి సరిగ్గా ఎదురు. మీ అంతట మీరే రిజైన్ చేస్తే ఈ ప్రశ్నే రాదు, అందుకే ఆ కాగితం కోసం అంత తొందరపెడుతున్నారు.

మీరు వర్కర్ అవునా కాదా అన్నది హోదా పేరును బట్టి కాదు, చేసే పనిని బట్టి తేలుతుంది. శాంపిళ్లు మీరే పరీక్షించి రిపోర్టు రాస్తూ, ఎవరికీ లీవులు మంజూరు చేయకుండా, ఎవరి పనికీ మార్కులు వేయకుండా ఉంటే మీ వాదన గట్టిదే. పదిమందిని నడిపిస్తున్నారంటే ఈ రక్షణ దొరకడం కష్టం. లేబర్ కేసులు చూసే లాయరుకు మీ అపాయింట్‌మెంట్ లెటర్, ప్రమోషన్ ఆర్డర్లు, రోజూ నింపే ల్యాబ్ రికార్డుల నమూనా చూపించండి.

వర్కర్‌ను తీసేస్తే ఏడాదికి 15 రోజుల చొప్పున పరిహారం ఇవ్వాలి. మీకు పదిన్నర నెలలు. బేసిక్, డీఏ మీదే లెక్కేసినా 5.04 లక్షలు. అంటే చట్టం ఎలాగూ ఇప్పించేదానిపైన మీకు దక్కేది 44 వేలే. ఆ 44 వేలకు ఆరేళ్లు రాసిచ్చేస్తారా?

కాగితం మీద పేరు కూడా ముఖ్యమే. రాజీనామా చేసినందుకు ఇచ్చే అదనపు డబ్బు మొత్తం జీతంలాగే పన్నుకు లోబడుతుంది. నిబంధనల ప్రకారం పెట్టిన స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద, లేదా తొలగింపు పరిహారంగా ఇస్తే 5 లక్షల దాకా పన్ను ఉండదు.

కాబట్టి హెచ్‌ఆర్‌కు నోటితో కాదు, ఈమెయిల్‌లో జవాబివ్వండి: ‘రాజీనామా చేసే ఉద్దేశం నాకు లేదు. ప్రతిపాదన ఏదైనా ఉంటే గ్రాట్యుటీ, లీవులు, నోటీసు జీతం విడివిడిగా చూపిస్తూ రాతపూర్వకంగా పంపండి.’ కాపీ మీ సొంత మెయిల్‌లో ఉంచుకోండి. చివరికి వెళ్లక తప్పదనుకుంటే, రావాల్సినవి పక్కన పెట్టి కనీసం ఏడాది జీతం, అంటే 11.4 లక్షలు అడగండి. కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఆ మాత్రం సమయం పట్టొచ్చు, వచ్చినా ఇంత జీతం రాకపోవచ్చు. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ముగిసేలోపే అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారడానికి దరఖాస్తు చేయండి. బీపీ, షుగర్ లాంటివి ఉంటే వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటినుంచి పడకుండా అది పనికొస్తుంది.